గుండ్రంగా కూర్చుంటే మాటలు రావు

మొన్న మన ప్రవాస తెలుగువారి సంఘం పెట్టిన తెలుగు సంభాషణ వేళలో పదిమంది యువత గుండ్రంగా కూర్చున్నారు. గంటసేపూ మాట్లాడింది ఇద్దరే. వాళ్లకు తెలుగు ముందే బాగా వచ్చు. ‘మిగతావాళ్లకు ఆసక్తి లేదు’ అని తర్వాత కొందరు పెద్దలు తేల్చేశారు. అది అన్యాయం. గంటను పదిమందికి సమానంగా పంచినా తలా ఆరు నిమిషాలే. తడుముకునేవాళ్లకు అవి కూడా దక్కవు.

ఇంట్లో తెలుగు వింటూ పెరిగి, మాట్లాడబోతే ఆగిపోయేవారికి కావలసింది జోడీ. ఆ జోడీ మన మధ్యే ఉంది. ఈమధ్యే ఇక్కడికి వచ్చి, ఇంగ్లిషులో ధారాళంగా మాట్లాడాలని తపించేవాళ్లు ఎందరో. అరగంట తెలుగు, అరగంట ఇంగ్లిషు. అలారం పెట్టుకోవాల్సిందే, లేకపోతే ఇద్దరికీ సులువైన భాషలోకే మాట జారిపోతుంది.

‘ఏంటి సంగతులు’ అని మొదలుపెడితే ఐదు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. దానికన్నా భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ వివరించిన 4/3/2 పద్ధతి మేలు. ఒకే సంగతిని నాలుగు నిమిషాల్లో, తర్వాత మూడు, తర్వాత రెండు నిమిషాల్లో చెప్పాలి. ఏం చెప్పాలో వెతుక్కునే పని తగ్గేకొద్దీ మాట వేగం అందుకుంటుంది. ప్రతిసారీ వినేవారు కొత్తవారై ఉండాలి. పాతవారైతే ‘నీకు తెలుసుగా’ అని సగం దాటేస్తారు. అందుకే మూడు జోడీలు ఒకేచోట కూర్చుని, వినేవాళ్లు కుర్చీలు మారడం మంచిది.

ఒక అమ్మాయి ఇలా చెప్పిందనుకుందాం: ‘పోయిన నెల మనం ఇల్లు మారాం. తాతయ్య సాయం చేసింది. నేను చాలా ఆకలిగా ఉన్నాను.’ మధ్యలో ఆపకూడదు, రాసుకోవాలి. నాలుగు నిమిషాలయ్యాక రెండే తప్పులు ఎత్తి చూపాలి, మూడోది వచ్చే వారానికి. ‘ఓహో, తాతయ్య సాయం చేశారా’ అని మెత్తగా సరిదిద్దితే ఆమె అది మామూలు మాటే అనుకుంటుంది. కెనడాలోని ఫ్రెంచ్ తరగతులను పరిశీలించిన లిస్టర్, రాంటా 1997లో ఇదే చూపారు: టీచర్లు ఎక్కువగా వాడింది ఆ మెత్తని దిద్దుబాటే, పిల్లలు తక్కువగా అందుకున్నదీ దాన్నే. ‘ఇల్లు మారినవాళ్లలో నేనూ ఉన్నానా?’ అని అడిగితే ‘మేము’ ఆమె నోటనే వస్తుంది. ఇదంతా మొదటి విడతకూ రెండో విడతకూ మధ్యే జరగాలి. దిద్దకుండా వేగం పెంచితే తప్పే ధారాళమవుతుంది. రెండు నిమిషాల విడతలోనూ ‘మేము’ దానంతటదే వస్తే పని జరిగినట్టు.

కార్యవర్గానికి ఒక విన్నపం. వచ్చే కార్యక్రమంలో రిజిస్ట్రేషన్ బల్లమీద ఒక కాగితం పెట్టండి: పేరు, నేర్చుకునే భాష, నేర్పగల భాష, వారంలో ఖాళీగా ఉండే గంట. వారంలోపు జోడీలు కలపండి. మూడుసార్లు కూర్చున్నాక కుదరదనిపిస్తే, కారణం అడక్కుండా జోడీ మార్చండి. యాస విని నవ్వే పెద్దల్ని మాత్రం, ఎంతటివారైనా సరే, ఆ గదిలోకి రానివ్వకండి.