కడబంతిలో మా పిన్ని

నాది జాలిగుండె. ఈ మాట నేను చెప్పుకోవడం కాదు, విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. సీరియల్లో కోడలు కంటతడి పెడితే నాకు అన్నం దిగదు. అలాంటి నా మీద, 2024 సెప్టెంబరు వరదల్లో పులిహోర పొట్లాలు అన్యాయంగా పంచానని ఒక ఇంజనీరింగ్ చదివే పిల్ల అభాండం వేసింది. అదీ అరిచి కాదు, నోట్‌బుక్ తెరిచి చూపించింది. పరువు గల మనిషిగా జవాబు చెప్పుకోక తప్పదు.

సంగతి అందరికీ తెలిసిందే. బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయి. ఆదివారం తెల్లారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, ఆ చుట్టుపక్కలంతా నీళ్ళు. కరెంటు పోయింది. కింది అంతస్తుల వాళ్ళు పైకెక్కారు, పై అంతస్తు లేనివాళ్ళు ఎవరి మేడ దొరికితే అక్కడికెక్కారు. మా వీధిలో చందాలేసుకుని 300 పొట్లాల పులిహోర కలిపించాం. మంగళవారం పొద్దున సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర ఒక పడవ దొరికింది. పొట్లాలు పంచే బాధ్యత నాకిచ్చారు, జాలిగుండె కాబట్టి.

ఇక నా లెక్క వినండి. ఫ్లైఓవర్ దిగువనే నడుంలోతు నీళ్ళలో నడిచొచ్చిన వాళ్ళు కనబడ్డారు. మొహాలు చూడగానే గుండె కరిగిపోయింది. 60 పొట్లాలు అక్కడే అయిపోయాయి. వాళ్ళు బయటికి నడిచొచ్చేశారు కదా, ఇంకో వంద గజాలు నడిస్తే ఫ్లైఓవర్ మీద ఎవరో ఒకరు అన్నం పెడుతున్నారు కదా అని మీరు అడగొచ్చు. గుండె కరిగేటప్పుడు గజాలు ఎవరు కొలుస్తారండీ?

తర్వాత మా పిన్ని అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు. ఇంట్లో గ్యాస్ ఉంది, బియ్యం ఉంది, ఉప్మారవ్వ ఉంది. కానీ పిన్ని కదా. 15 పొట్లాలు పైకి పంపాను. ఆ అపార్ట్‌మెంట్లో మిగతావాళ్ళు బాల్కనీల్లోంచి చూస్తున్నారు, వాళ్ళ ముందు పిన్నికే ఇస్తే బావుండదు, అందుకని వాళ్ళకో 25. పక్షపాతం లేకుండా చూసుకోవడమంటే ఇదే. పిన్ని పైనించి తొంగిచూసి, "ఒరేయ్ నాన్నా, మళ్ళీ పులిహోరేనా? పెరుగన్నం లేదట్రా?" అంది. ఆ 'మళ్ళీ' అన్న మాట అప్పుడు నా చెవికెక్కలేదు.

ఆ ఎదురు మేడ మీద ఒకావిడ పసిపాపని ఎత్తి చూపించింది. చూడలేకపోయాను. ఆరు నెలల పాపకి ఆరు పొట్లాల పులిహోర ఇచ్చాను. ఈలోగా గుంటూరు నించి మా బావ ఫోన్: వాళ్ళ తోడల్లుడి ఇల్లు అక్కడే ఉందట, కాస్త చూడమన్నాడు. చూశాను, 40. మిగిలిన 154 మెయిన్ రోడ్డుకి రెండు వైపులా ఎవరు గట్టిగా కేకేస్తే వాళ్ళ చేతికి. చివరి పొట్లం విసిరేటప్పుడు నిజంగా కళ్ళు చెమర్చాయి. లోపలి సందుల్లోకి పడవ తిప్పలేదు. అక్కడ మాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. కేకలు కూడా వినబడలేదు.

ఇక్కడే ఆ పిల్ల పట్టుకుంది. తన పడవలో 200 పొట్లాలే. ఏడ్చినవాళ్ళ వైపు చూడకుండా నేరుగా చివరి సందుకి పోయి, అక్కణ్ణించి వెనక్కి వస్తూ, ఇంటికి రెండు చొప్పున ఇచ్చి, గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టింది. ఏ ఇంట్లో ఎంతమంది, వంట చేసుకునే వీలుందా, ఇదివరకు ఎవరైనా వచ్చారా అని రాసుకుంది. కరకు మనిషి. సందు చివర రేకుల ఇంట్లో కాళ్ళు పడిపోయిన పెద్దాయన అటక మీద రెండు రోజులుగా ఉన్నాడట. "ఆయన ఎందుకు అరవలేదు?" అన్నాను. "గొంతు లేదంకుల్" అంది. ఫోనెందుకు చేయలేదని కూడా అడిగాను. ఆదివారం నించి కరెంటు లేదు, ఛార్జింగ్ ఎక్కడిది? అంటే ఆ మూడు రోజులూ నా దయ ఛార్జింగ్ ఉన్న ఫోన్లకీ, గొంతున్న మేడలకీ అందిందన్నమాట. దయ నెట్‌వర్క్ ఉన్నచోటే పనిచేస్తే తప్పు నాదా?

ఊరికే వదలకూడదని శాస్త్రం వెతికాను. 1995లో అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ బాట్సన్ తన సహచరులతో ఒక ప్రయోగం చేశాడు. పాల్గొన్నవాళ్ళకి చెప్పిన కథ ఇది: పదేళ్ళ పాప, పేరు షెరీ, ప్రాణాంతకమైన జబ్బు. బాధ తగ్గించే మందు కోసం వెయిటింగ్ లిస్టులో ఉంది. ఆమె మాటలు వినిపించి, కొందరితో "తటస్థంగా వినండి" అన్నారు. ఇంకొందరితో "ఆ పాప మనసులో ఎలా ఉందో ఊహించుకుంటూ వినండి" అన్నారు. తర్వాత, కావాలంటే ఆమెని లిస్టులో ముందుకు జరపొచ్చన్నారు. ఆమెకంటే అవసరం ఎక్కువున్న పిల్లలూ, ముందునించి ఎదురుచూస్తున్న పిల్లలూ ఉన్నారని కూడా చెప్పారు. తటస్థంగా విన్నవాళ్ళలో మూడోవంతు మంది జరిపారు. మనసు పెట్టి విన్నవాళ్ళలో దాదాపు ముప్పాతిక మంది జరిపేశారు. వెనక్కిపోయిన పిల్లల గొంతు ఎవరూ వినలేదు, ఎందుకంటే వాళ్ళకి టేపు లేదు.

చిత్రమేమిటంటే ఈ బాట్సన్ జాలికి శత్రువేం కాదు. జాలిపడ్డ మనిషి స్వార్థం లేకుండా సాయం చేస్తాడని రుజువు చేయడానికే ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసిన మనిషి. ఆయన దగ్గరే ఇది బయటపడింది. నిజం చెప్పొద్దూ, జాలి లేకపోతే మా వీధిలో పులిహోర కలిపేవాళ్ళే లేరు. ఆ పిల్ల నోట్‌బుక్ అన్నం వండదు. ఈ మాట తనతో అన్నాను కూడా. "వండమనలేదు అంకుల్, ఎక్కడ దించాలో నన్నడగమన్నాను" అంది. ఈకాలం పిల్లలకి పెద్దాచిన్నా లేదు.

మన పెద్దలైతే ఈ సంగతి ఏనాడో తేల్చేశారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్నారు. విందులో కూర్చున్న మనకి అది భరోసాయే. అయితే పంక్తి మొదట్లోనే కూర్చుని, వడ్డించేవాడు తనవాడు కానివాడి సంగతి ఆ సామెతలో లేదు. సామెత చేసినవాడికి కూడా పిన్ని ఉండే ఉంటుంది.

నీళ్ళు తీశాక పిన్ని ఇంటికి వెళ్ళాను. గుమ్మం పక్కన ఒక గోనెసంచి, లోపల పాచిపోయిన పొట్లాలు. నావి 15, నాకంటే ముందు వచ్చినవాళ్ళవి ఇంకో 20 దాకా. మెట్ల మీది కుక్క కూడా మూతి తిప్పుకుపోయిందట. "అందరూ మమ్మల్నే తలుచుకున్నార్రా" అంటూ పిన్ని కళ్ళొత్తుకుంది. నాకూ కన్నీళ్ళాగలేదు.

అయినా మనసులో ఒకటి మెలిపెడుతూనే ఉంది. ఆ పిల్ల నోట్‌బుక్‌లో మా పిన్ని ఇంటికెదురుగా 'అవసరం లేదు' అని రాసుంది. మా పిన్నిని పట్టుకుని అలా రాస్తారా? దిద్దమని వెళ్ళి అడిగాను. తలెత్తకుండా పెన్ను తీసింది.

"డోర్ నంబరు చెప్పండంకుల్. గ్యాస్ ఉందా? ఇంట్లో ఎంతమంది?"

ఎంతమందంటే పిన్నీ బాబాయీ, ఇద్దరే. ఆ సంగతి చెప్పకుండా వచ్చేశాను.