తాళం తీయడం తేలిక, నెల గుర్తించడమే కష్టం

మార్చి నెల బ్యాంకు స్టేట్‌మెంటు పాస్‌వర్డ్ తాళం వేసిన పీడీఎఫ్‌గా ఏప్రిల్ 3న మెయిల్‌కు వచ్చిందనుకుందాం. మెయిల్ తేదీని చూసి ఫైళ్లు సర్దే స్క్రిప్టు దాన్ని ఏప్రిల్ ఫోల్డరులో పడేస్తుంది. వేరే నెలలో అయితే చిన్న పొరపాటే. మార్చి స్టేట్‌మెంటు మాత్రం ఏకంగా ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. మార్చి 31న జమ అయిన పొదుపు ఖాతా వడ్డీ కోసం రిటర్ను వేసే రోజున పాత ఏడాది ఫోల్డరంతా గాలించినా దొరకదు.

అందుకే పాస్‌వర్డ్ గురించి పడే ఆరాటంలో సగమైనా నెల గురించి పడాలంటాను. తాళం తీయడానికి ఉచితంగా దొరికే `qpdf` చాలు:

```
qpdf --password-file=pw.txt --decrypt in.pdf out.pdf
pdftotext -layout out.pdf -
```

పాస్‌వర్డ్‌ను కమాండులోనే రాస్తే అదే యంత్రాన్ని వాడే మరొకరికి కనబడే అవకాశం ఉంది కాబట్టి ఫైలులో పెట్టడం మేలు. రెండో వరుసలోని `pdftotext` వేరే ఉచిత సాధనం, అది స్టేట్‌మెంటులోని అక్షరాలను బయటికి తీస్తుంది. అందులో `Statement Period` పక్కనున్న రెండు తేదీల్లో చివరిదాన్నే నెలగా తీసుకోవాలి. క్రెడిట్ కార్డు బిల్లు మార్చి 16 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉంటే అది ఏప్రిల్ బిల్లు. తేదీ దొరకకపోతే స్క్రిప్టు ఊహించకూడదు, ఆ ఫైలును విడిగా ఉంచి మనకు చూపాలి. కొన్ని బ్యాంకులు ప్రతి నెలా ఒకే పేరుతో ఫైలు పంపుతాయి. అప్పుడు కొత్తది పాతదాన్ని చెరిపేస్తుంది, పన్నెండు నెలల తర్వాత చూస్తే ఒక్కటే మిగులుతుంది. `2025-03` వంటి నెలను, ఖాతా చివరి నాలుగు అంకెలను పేరులో చేర్చితే ఆ బాధ ఉండదు. మూల ఫైలును మాత్రం పారేయవద్దు. తాళం తీసి తిరిగి రాసిన ప్రతిలో డిజిటల్ సంతకం చెల్లదు.

తాళం తీసిన ఫైళ్లు కంప్యూటర్‌లో ఉంటే ప్రమాదం కాదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డిస్కు మొత్తానికీ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవడమే దానికి జవాబు. అసలు ప్రమాదం పీడీఎఫ్ తాళాలు తీసిపెడతామనే వెబ్‌సైట్లకు స్టేట్‌మెంటును, పాస్‌వర్డ్‌ను కలిపి అప్పగించడంలో ఉంది.

ఇంతకీ బ్యాంకులు వేసే ఆ తాళం ఏపాటిది? పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన తేదీ, నెల: చాలా చోట్ల ఇదే సూత్రం, పైగా దాన్ని ఆ మెయిల్‌లోనే రాసి పంపుతారు. పేరు తెలిసినవాడు ప్రయత్నించాల్సినవి 366 మాత్రమే. కంప్యూటర్‌కు అది క్షణాల పని. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే ప్రతి ఒక్కరికీ తెలిసిన రహస్యం అది. ఖాతాదారుకు తన పాస్‌వర్డ్ తానే ఎంచుకునే వీలు ఇవ్వడానికి బ్యాంకుకు అడ్డేమిటి? ఆ ఒక్క మార్పుకు పూనుకోకుండా, మన డబ్బు లెక్కలను మన పుట్టినరోజుతో మూసిపెట్టి, దానికి భద్రత అని పేరు పెట్టడాన్ని నేను ఒప్పుకోను.