స్కాన్ చేసిన స్టేట్‌మెంట్‌లో ఇండెంట్ కూడా డేటాయే, దాన్ని చెరిపేయకండి

స్కాన్ చేసిన బ్యాలెన్స్ షీట్‌ని ఓసీఆర్‌కి ఇస్తారు. వచ్చినదాన్ని ఎక్సెల్‌లోకి దించుతారు. ఆ వెంటనే లేబుల్ కాలమ్ మీద, ముందున్న ఖాళీల్ని తీసేసే TRIM కొడతారు. దీన్ని క్లీనింగ్ అంటారు చాలామంది. నాకు మాత్రం అది చూస్తే ఒళ్లు మండుతుంది. ఏ వరుస దేని కింద ఉందో చెప్పే ఒకే ఒక్క ఆధారాన్ని, అంటే ఇండెంట్‌ని, ఆ ఫార్ములా తుడిచేస్తుంది. ఒకే స్టేట్‌మెంట్‌లో "ఇతరములు" అన్న వరుస మూడు నాలుగు చోట్ల ఉంటుంది. ఇండెంట్ పోయాక వాటిలో ఏది కరెంట్ అసెట్స్ కిందదో, ఏది అప్పుల కిందదో చెప్పడం ఎవరి తరం కాదు. పైగా మొత్తం వరుసలు కూడా మామూలు వరుసల్లో కలిసిపోతాయి కాబట్టి, పివోట్ వేయగానే ప్రతి అంకె రెండుసార్లో మూడుసార్లో లెక్కలోకి వస్తుంది.

కావలసింది ఒక్కటే. లెవెల్ 1, లెవెల్ 2, లెవెల్ 3 అని విడి కాలమ్‌లు ఉండాలి. ప్రతి వరుసలోనూ దాని పైవాళ్లందరి పేర్లూ ఉండాలి. ఏ వరుసను ఎక్కడికి తీసుకెళ్లి పెట్టినా అది తనెవరో చెప్పుకోగలగాలి.

దీనికి ఖాళీలు లెక్కపెట్టి లెవెల్ తేల్చేస్తారు కొందరు. మామూలు టెక్స్ట్ అవుట్‌పుట్‌లో వరుస మొదట్లో ఉన్న ఖాళీలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా అవి అక్షరాల వెడల్పుని బట్టి ఓసీఆర్ వేసిన అంచనా మాత్రమే. కొలవాల్సింది పిక్సెల్స్‌లో. టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్ వాడితే ఇలా నడపండి:

```
tesseract page.png out -l tel+eng --psm 6 tsv
```

ఇందులో ప్రతి పదానికీ left, top, width, height వస్తాయి. వరుసలోని మొదటి పదం left విలువే మన ఇండెంట్. ఇక్కడ `--psm 6` ఎందుకంటే, అది పేజీ మొత్తాన్ని ఒకే దిమ్మగా చదువుతుంది. లేకపోతే లేబుల్స్ ఒక దిమ్మగా, అంకెలు ఇంకో దిమ్మగా విడిపోయే ప్రమాదం ఉంది. ఆ ఫైల్‌లో level అనే కాలమ్ కూడా ఉంటుంది. పేరు చూసి మోసపోకండి. అది పేజీ, బ్లాకు, పేరా, లైను, పదం అనే వరుసకి 1 నుంచి 5 దాకా ఇచ్చిన నంబరు, మన ఇండెంట్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇక అసలు గొడవకి వస్తాను. స్కానర్‌లో కాగితం ఎప్పుడూ తిన్నగా కూర్చోదు. 300 డీపీఐలో ఏ4 పేజీ ఎత్తు సుమారు 3,500 పిక్సెల్స్. పేజీ ఒక్క డిగ్రీ ఒరిగితే చాలు, 3,000 పిక్సెల్స్ కిందికి వచ్చేసరికి ఎడమ అంచు 52 పిక్సెల్స్ పక్కకి జరుగుతుంది. ఒక మెట్టు ఇండెంట్ అంగుళంలో ఐదో వంతు అనుకుంటే అది 60 పిక్సెల్స్. అంటే పేజీ పైన ఉన్న వరుసకీ, అదే లెవెల్‌లో పేజీ అడుగున ఉన్న వరుసకీ మధ్య దాదాపు ఒక మెట్టు తేడా కనిపిస్తుంది. కంటికి ఆ ఒక్క డిగ్రీ ఆనదు. ప్రోగ్రామ్ మాత్రం సగం పేజీని తప్పు లెవెల్‌లో పడేస్తుంది. అంతా సక్రమంగా నడిచినట్టే ఉంటుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. నా కోపమంతా ఈ నిశ్శబ్దపు తప్పు మీదే.

దీనికి నేను నమ్మే మందు ఒకటుంది. ఇండెంట్‌ని పేజీ ఎడమ అంచు నుంచి కొలవకండి, అంకెల కాలమ్ కుడి అంచు నుంచి కొలవండి. స్టేట్‌మెంట్‌లో అంకెలన్నీ కుడివైపుకి సమంగా నిలబడి ఉంటాయి. వాటి కుడి అంచులు, అంటే left కి width కలిపితే వచ్చే విలువలు, అచ్చులో ఒకే నిలువు గీత మీద ఉన్నవే. స్కాన్‌లో ఆ గీత ఎంత వాలిందో పేజీ అంతే వాలింది. ఆ విలువలగుండా ఒక సరళరేఖ వేసి, ప్రతి వరుస దగ్గరా ఆ రేఖకీ లేబుల్ మొదటి అక్షరానికీ మధ్య దూరం తీసుకుంటే, వాలు దానంతటదే పోతుంది. అంకె లేని శీర్షిక వరుసలకీ ఆ రేఖే కొలత. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. బ్రాకెట్లలో ఉన్న రుణాత్మక అంకెల్ని ఈ రేఖ వేసేటప్పుడు పక్కన పెట్టండి, ఎందుకంటే చాలా స్టేట్‌మెంట్లలో ముగింపు బ్రాకెట్ గీత దాటి బయటికి వేలాడుతుంది.

ఇదే పద్ధతి పేజీ మారినప్పుడూ కాపాడుతుంది. పేజీలో అన్నిటికంటే ఎడమగా ఉన్న వరుసని లెవెల్ 1 అనుకోవడం అందరూ చేసే పనే. కానీ రెండో పేజీ కరెంట్ అసెట్స్ మధ్యలోంచి మొదలైతే అక్కడ లెవెల్ 1 వరుసే ఉండకపోవచ్చు. ఆ పేజీలో లెవెల్ 3 వాళ్లంతా లెవెల్ 1 అయి కూర్చుంటారు. అంకెల కాలమ్ నుంచి కొలిస్తే, రెండు పేజీల అచ్చు కొలతలు ఒకటే అయినంత వరకూ ఈ సమస్య రాదు.

ఇప్పుడొక ముక్క చూద్దాం. వాలు సరిచేశాక, సులభంగా కనిపించడం కోసం దూరాల్ని మళ్లీ ఎడమ నుంచి కొలిచినట్టుగా మార్చి రాశాను.

```
240  అసెట్స్
300  కరెంట్ అసెట్స్
360  నగదు, బ్యాంకు నిల్వలు          4,120
360  ట్రేడ్ రిసీవబుల్స్, రాని
398  బాకీల ప్రొవిజన్ పోను           6,850
360  ఇన్వెంటరీ                    3,475
360  ఇతరములు                      555
420  మొత్తం కరెంట్ అసెట్స్         15,000
```

విలువల్ని వరుసలో పేర్చి, మధ్యలో మెట్టులో సగం కంటే ఎక్కువ ఖాళీ ఉన్నచోట గుంపుల్ని విడదీస్తే 240, 300, 360, 398, 420 చుట్టూ ఐదు గుంపులు రావాలి. నిజానికి 398కీ 420కీ మధ్య తేడా 22 మాత్రమే కాబట్టి ఆ రెండూ కలిసిపోయి నాలుగు గుంపులే వస్తాయి. అచ్చంగా ఇక్కడే యంత్రం చెప్పినదాన్ని నమ్మేయకుండా ఆగాలి. 240, 300, 360 నిజమైన లెవెల్స్. మిగతా రెండూ లెవెల్స్ కావు.

398 అనేది పై వరుస లేబుల్ పొడవై కిందికి మడతపడిన ముక్క. మెట్టు 60 అయినప్పుడు 38 జరగడమే మొదటి అనుమానం. పై వరుసకి అంకె లేదు, చివర విరామం కూడా లేకుండా వాక్యం తెగింది, కింది ముక్కకి అంకె ఉంది. వీటిని కలిపి ఒకే వరుస చేయాలి. కలపకపోతే "ట్రేడ్ రిసీవబుల్స్, రాని" అనే పేరెంట్, దాని కింద "బాకీల ప్రొవిజన్ పోను" అనే ఒంటరి బిడ్డ పుడతాయి. ఒకే బిడ్డ ఉండి, మొత్తం వరుస లేని పేరెంట్ ఎక్కడ కనిపించినా ముందు మడతే అనుకోండి.

420 మొత్తం వరుస. అచ్చు వేసేవాళ్లు మొత్తాన్ని ఒక మెట్టు లోపలికి జరపడం మామూలే. కొందరు శీర్షికతో సమానంగా పెడతారు, ఇంకొందరు అంశాలతో సమానంగా పెడతారు. కాబట్టి మొత్తం వరుస లెవెల్‌ని ఇండెంట్‌తో తేల్చడం కుదరదు. ఏ గుంపుని కూడితే ఆ అంకె వస్తుందో అదే దాని గుంపు. 4,120కి 6,850, 3,475, 555 కలిపితే సరిగ్గా 15,000. కాబట్టి ఈ వరుస కరెంట్ అసెట్స్‌ది. విడిగా ఒక కాలమ్‌లో దీన్ని "మొత్తం" అని గుర్తు పెట్టండి. లేబుల్‌లో "మొత్తం" అన్న పదం కోసం వెతకడం సరిపోదు. ఆస్తుల కింద భూమి 2,000, భవనాలు 7,400, తరుగుదల (1,900) అని రాసి, కింద పేరేమీ లేకుండా 7,500 అని మాత్రం వేసే స్టేట్‌మెంట్లు బోలెడు. అదీ మొత్తమే.

ఇవన్నీ తేలాక లెవెల్స్‌ని కాలమ్‌లుగా మార్చడం కొద్ది లైన్ల పని. లెవెల్స్ ఇక్కడ 0 నుంచి మొదలవుతాయి.

```python
path = []
for r in rows:
    lv = r["level"]
    if r["kind"] == "total":
        r["path"] = path[:r["parent_level"] + 1]
        continue
    path = path[:lv] + [""] * (lv - len(path)) + [r["label"]]
    r["path"] = path[:]
```

ఎక్సెల్‌లో ఖాళీల్ని పై విలువతో నింపుకుంటూ పోయేవాళ్లు ఈ `path[:lv]` దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. కొత్త లెవెల్ 2 శీర్షిక రాగానే పాత లెవెల్ 3 పేరు చెరిగిపోవాలి. గుడ్డిగా కిందికి నింపితే అది చెరగదు. అప్పుడు నాన్ కరెంట్ అసెట్స్ పక్కన "ఇతరములు" అని పాత పేరు వేలాడుతుంది. మధ్యలో లెవెల్ దూకితే ఆ చోట ఖాళీ వదిలాను కావాలనే. ఆ ఖాళీ చూసే మనిషికి ఇక్కడేదో తేడా ఉందని తెలియాలి. దాన్ని పై పేరుతో నింపేస్తే తప్పుని మనమే దాచినట్టు.

చివరికి కూడిక తప్పకుండా చేయండి. తేడా వచ్చినప్పుడు ఆ తేడాయే చాలా చెబుతుంది. తేడా ఒక వరుస విలువకి సరిగ్గా సమానమైతే, ఆ వరుస వేరే గుంపులో పడింది, అంటే లెవెల్ తప్పు. తేడా ఒక వరుసకి సరిగ్గా రెట్టింపైతే, అది తీసేయాల్సిన అంకె, గుర్తు పోయింది. పై ఉదాహరణలో తరుగుదల బ్రాకెట్ ఓసీఆర్‌లో జారిపోతే 3,800 తేడా వస్తుంది. తేడా 500 లాగా ఒకే అంకె వెనక సున్నాలుంటే, ఓసీఆర్ ఒక అంకెని తప్పు చదివింది, 6,850ని 6,350గా చదివినట్టు. స్టేట్‌మెంట్ అంకెల్ని వేలల్లోకి సవరించి రాసి ఉంటే ఒకటీ రెండూ తేడా మామూలే, దాన్ని వదిలేయండి. కూడిక సరిపోయినంత మాత్రాన అంతా సరిగ్గా ఉందనుకోకండి. పైన చెప్పిన మడత వరుసని కలపకపోయినా కూడిక సరిపోతుంది, ఎందుకంటే 6,850 ఎలాగూ కరెంట్ అసెట్స్ కిందే ఉంది. దాన్ని కంటితోనే పట్టుకోవాలి.

ఓసీఆర్ టూల్ నేరుగా ఎక్సెల్ ఫైల్ ఇస్తే ఇంకో సంగతి చూసుకోండి. ఇండెంట్ ఖాళీల రూపంలో కాకుండా సెల్ ఫార్మాటింగ్‌గా ఉండొచ్చు. పైథాన్‌లో ఎక్సెల్ ఫైల్స్ చదివే ఓపెన్‌పైఎక్సెల్‌తో `cell.alignment.indent` చదివితే దొరుకుతుంది. సీఎస్‌వీగా సేవ్ చేశారంటే ఆ క్షణమే పోతుంది.

నాకు ఇలాంటి ఫైల్ పంపేవాళ్లని అడిగేది ఇదే. లెవెల్ కాలమ్‌లతో పాటు పేజీ నంబరు, ఆ పేజీలో వరుస నంబరు, కొలిచిన left విలువ, వరుస రకం కూడా ఉంచండి. కూడిక కుదరని గుంపుల పక్కన తేడా ఎంతో రాసి అలాగే వదిలేయండి, ఊహించి సర్దకండి. left విలువ ఉంటే నేను స్కాన్ తెరిచి రెండు నిమిషాల్లో తేల్చుకుంటాను. మీరు సర్దేసి పంపితే ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాల్సి వస్తుంది.