ఖాళీ గడిలో సున్నా నింపమనే సందేశానికి జవాబు

«ఎక్సెల్ రహస్యాలు! 1) ఫార్ములాలు పెద్ద అక్షరాల్లోనే రాయాలి. 2) సగటు తీసే ముందు ఖాళీ గడుల్లో సున్నా నింపాలి, లేకుంటే సగటు తప్పుతుంది. 3) శాతానికి =B2/B6 రాసి కిందికి లాగితే చాలు. 4) సున్నాలు అడ్డమైతే AVERAGEIF వాడండి. అందరికీ పంపండి.»

పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా జీడిపిక్కల కొనుగోలు లెక్కలు రాసే మిత్రులందరూ వంతులవారీగా దీన్నే పంపుతున్నారు కనుక ఇక జవాబు రాయక తప్పడం లేదు.

మొదటిది పట్టించుకోనక్కర్లేదు. చిన్న అక్షరాల్లో కొట్టినా ఎక్సెల్ తానే పెద్దవి చేసుకుంటుంది.

కొంప ముంచేది రెండోది. ఒక వారం పర్లాకిమిడిలో 100 కిలోలు 120 రూపాయల చొప్పున, కాశీనగరంలో 300 కిలోలు 100 చొప్పున, గుణుపురంలో 100 కిలోలు 110 చొప్పున కొన్నారనీ, రాయగడలో కొనుగోలే జరగలేదనీ అనుకుందాం. కిలోలు B2 నుంచి B5 వరకు, వాటి మొత్తం B6లో, ధరలు C2 నుంచి C5 వరకు ఉన్నాయి.

```
=AVERAGE(C2:C5)
```

C5 ఖాళీగా ఉంటే ఎక్సెల్ దాన్ని వదిలేసి 110 చూపిస్తుంది. సున్నా నింపితే 82.50 చూపిస్తుంది. అన్నిటికన్నా తక్కువకు కొన్న ధరే 100 అయినప్పుడు సగటు అంతకన్నా కిందికి ఎలా దిగింది? రాయగడ రైతులు ఆ వారం పిక్కలు ఊరికే పోసి వెళ్ళారు కాబోలు! ఈ అంకె చూపించి వచ్చే వారం ధర తగ్గిస్తే ఆ నష్టం సందేశం పంపినవారిది కాదు, పిక్కలు తెచ్చినవారిది.

నిజానికి 110 కూడా సంతల సగటే తప్ప కిలో సగటు కాదు. ఎక్కువ సరుకు చవక సంతలోనే కొన్నారు కాబట్టి కిలోకు పడిన ధర 106:

```
=SUMPRODUCT(B2:B5,C2:C5)/SUM(B2:B5)
```

అయితే ఒక్కచోట సందేశకర్త మాట నిజం. కిలోల వరుసలో రాయగడకు సున్నా రాయాల్సిందే. సంతకు సగటున ఎంత సరుకు వచ్చిందని అడిగితే 500ను నాలుగుతో భాగించి 125 అనాలి. ఆ గడి ఖాళీగా వదిలితే 166.67 వస్తుంది. సరుకు రాకపోవడం సున్నా, ధర లేకపోవడం ఖాళీ.

ఇక నాలుగోది రెండో సలహా తెచ్చిన రోగానికి అదే వైద్యుడు రాసిన మందు. ముందు సున్నాలు నింపించి, తర్వాత వాటిని ఏరించడం!

```
=AVERAGEIF(C2:C5,">0")
```

ఇది మళ్ళీ 110కే చేరుస్తుంది. ఏ గడీ షరతుకు సరిపోకపోతే మాత్రం `#DIV/0!` వస్తుంది.

మూడోది సగం నిజం. మొదటి గడిలో 20% సరిగానే వస్తుంది, కిందికి లాగగానే B6 కాస్తా B7గా జారి, అది ఖాళీ గనుక `#DIV/0!` పడుతుంది. ఒక్క డాలర్ గుర్తు చాలు:

```
=B2/B$6
```

కాశీనగరం వాటా 60% వస్తుంది. B6కు బదులు SUM రాసేవారు మొత్తం ఉన్న గడిని కూడా దానిలో కలిపేస్తే ప్రతి వాటా సగమవుతుంది, నాలుగు సంతలూ కలిపి 50% దగ్గరే ఆగుతాయి.