ఇంటికేం పని చేస్తావు?

పోయిన ఏడాది మా అమ్మ కోయిలకుంట్ల పక్కనున్న మా ఊరి నుంచి వచ్చి ఐదు నెలలు అమెరికాలో మా దగ్గర ఉంది. ఒక సాయంత్రం మా పాప బడిలో ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని నింపుతోంది. ఇంట్లో నీ బాధ్యతలేమిటో రాయమని అందులో అడిగారు. పక్క సర్దుకోవడం, హోంవర్కు చేసుకోవడం, పియానో ప్రాక్టీసు, లంచ్ బాక్సు సింకులో పెట్టడం, బొమ్మలు ఎత్తిపెట్టడం అని ఐదు రాసింది. అమ్మ వాటిని తెలుగులో చెప్పించుకుని విని, "అవన్నీ నీ పనులే కదమ్మా. మరి ఇంటికేం పని చేస్తావు?" అంది. పాప నావైపు చూసింది. దానికి పదేళ్ళు. నా దగ్గరా జవాబు లేదు.

ఈ తేడా చాలా ఏళ్ళ క్రితం ఒక పెద్ద పరిశోధనలో బయటపడింది. జాన్ వైటింగ్, బియాట్రిస్ వైటింగ్ అనే దంపతుల ఆధ్వర్యంలో 1950లలో కొందరు పరిశోధకులు ఆరు చోట్లకు వెళ్ళి, మూడేళ్ళ నుంచి పదకొండేళ్ళ లోపు పిల్లలు రోజంతా ఏం చేస్తున్నారో, ఎవరితో ఎలా ఉంటున్నారో చూసి రాసుకున్నారు. ఆ ఆరింటిలో ఒకటి కెన్యాలో గుసీ జాతివాళ్ళుండే న్యాన్సోంగో. ఇంకొకటి అమెరికాలో న్యూ ఇంగ్లండ్‌లోని ఒక చిన్న పట్టణం. దాని అసలు పేరు చెప్పకుండా ఆర్చర్డ్ టౌన్ అన్నారు. పిల్లల గురించిన ఫలితాలు 1975లో పుస్తకంగా వచ్చాయి.

న్యాన్సోంగోలో తల్లి పొలానికి పోతే చంటిబిడ్డ అక్క చంకలో ఉంటుంది. ఆ అక్కకు ఆరేడేళ్ళు ఉంటాయేమో. ఆ పనికి వాళ్ళ భాషలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. మగపిల్లలు ఆవుల వెంట పోతారు. ఆవులు మేస్తున్నంతసేపూ ఆటే, కానీ ఒక కన్ను ఆవుల మీదే. ఆర్చర్డ్ టౌన్ పిల్లలకూ పనులున్నాయి. అయితే ఎక్కువగా అవి మా పాప రాసిన లాంటివే: తన గది, తన బొమ్మలు. ఆటకు వేరే చోటు, వేరే టైము, దానికోసమే కొన్న వస్తువులు. రెండు చోట్ల పిల్లల తీరు పోల్చి చూస్తే, న్యాన్సోంగో పిల్లలు పక్కవాళ్ళకు సాయం చేయడం, ఇది ఇలా చెయ్యమని బాధ్యతగా చెప్పడం ఎక్కువ. ఆర్చర్డ్ టౌన్ పిల్లలు తమకు సాయం కావాలని, తమను చూడమని అడగడం ఎక్కువ.

కారణం గురించి వైటింగ్ దంపతులు చెప్పింది నాకు నచ్చింది. గది సర్దకపోతే అమ్మ కోప్పడుతుంది, అంతే. ఎందుకు సర్దాలో పిల్లకు అర్థం కాదు, సర్దకపోయినా ఇల్లు నడుస్తుంది. అదే ఆవు పక్కవాడి చేలో పడితే రెండు ఇళ్ళ మధ్య గొడవ. తన పని ఎందుకు ముఖ్యమో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది చదివి, మన ఊళ్ళలో పెరిగిన పిల్లలే నయం అనేవాళ్ళను మన పిక్నిక్‌లలో చాలామందిని చూశాను. నేను అలా అనలేను. నేను విత్తనం కోసం వేసే సీడు పత్తి చూశాను.

హైబ్రిడ్ పత్తి విత్తనం దానంతటది తయారు కాదు. 1970లో గుజరాత్‌లో మొదటి హైబ్రిడ్ పత్తి వచ్చినప్పటి నుంచీ అది చేత్తో చేసే పనే. చేలో రెండు రకాల పత్తి మొక్కలు, ఒకటి ఆడది, ఇంకొకటి మగది అనుకుని, వేరు వేరు సాళ్ళలో ఉంటాయి. ఆడ సాలులో రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పట్టుకుని, బొటనవేలి గోటితో గిల్లి, పూరేకులనూ లోపల పుప్పొడి ఉండే గొట్టం లాంటి తొడుగునూ ఒక్క మెలికతో ఊడదీయాలి. మధ్యలో సన్నగా కొన ఒకటి మిగులుతుంది. దానికి దెబ్బ తగలకూడదు. గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగ పువ్వు కోసుకొచ్చి ఆ కొనకు పుప్పొడి రుద్దాలి. ఒక మగ పువ్వు నాలుగైదు ఆడ పూలకు సరిపోతుంది. ఆ మొగ్గ ఒక్క సాయంత్రం తప్పిపోతే మర్నాటికి తన పుప్పొడి తానే పట్టేస్తుంది, ఇక అందులో వచ్చేది హైబ్రిడ్ గింజ కాదు. అందుకే పూత ఉన్నన్నాళ్ళూ, అంటే రెండు మూడు నెలలు, ఒక్క రోజు కూడా పని ఆగడానికి వీల్లేదు. మా వైపు దీన్ని క్రాసింగు అనేవాళ్ళు.

తొంభైల మొదట్లో నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు దసరా సెలవుల్లో మా మేనమామ సీడు చేలో పదిరోజులు క్రాసింగు చేశాను. నాకది ఆటే. ఎవరు ఎక్కువ మొగ్గలు గిల్లారని పందేలు వేసుకున్నాం. మామ డబ్బులిస్తే గాజులు కొనుక్కున్నాను. వేలిగోరు కింద నల్లగా పట్టిన పసరు వారం రోజులు పోలేదు, దాన్ని బడిలో గొప్పగా చూపించుకున్నాను. అదే చేలో నా పక్క సాలులో మా తరగతి అమ్మాయే ఉంది. వయసు ఒకటే, పువ్వు ఒకటే, గోరు నల్లబడడం ఒకటే. సెలవులైపోయాక నేను బడికి వెళ్ళాను, ఆ అమ్మాయి రాలేదు. వాళ్ళ నాన్న ఉగాదికి ముందే అడ్వాన్సు తీసుకున్నాడు. పూత అయిపోయేదాకా ఆమె ఆ చేలోనే ఉండాలి. తర్వాత బడికి వస్తే పాఠాలు అందలేదు, మరుసటి ఏడాది మానేసింది. నేను చేసిందాన్ని మా ఇంట్లో సాయం అన్నారు. ఆమె చేసిందాన్నీ ఊళ్ళో ఎవరూ బాలకార్మిక వ్యవస్థ అనలేదు, పత్తికి పోతోంది అన్నారు, అంతే.

ఆడపిల్లలనే ఎందుకు పెడతారంటే, వాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయి, మొక్క ఎత్తుకు సరిపోతారు అనేవాళ్ళు. పెద్దవాళ్ళు ఆ పని చేయలేరన్నట్టు మాట్లాడేవాళ్ళు. ఈ రంగాన్ని చాలా ఏళ్ళు పరిశీలించిన దావులూరి వెంకటేశ్వర్లు గారి నివేదికలు చూస్తే అసలు లెక్క బయటపడుతుంది. విత్తనానికి కంపెనీలు రైతుకిచ్చే ధరలో పెద్దవాళ్ళ కూలి గిట్టదు. పిల్లలైతే తక్కువ కూలికి ఎక్కువసేపు చేస్తారు, అడ్వాన్సుతో సీజనంతా కట్టుబడి ఉంటారు. సన్నటి వేళ్ళ కథ ఆ లెక్కను కప్పిపుచ్చేది. బాల్యం ఎలా ఉండాలన్నది ఒక సమాజం తేల్చుకుంటుందని పుస్తకాల్లో రాస్తారు. మా చేలల్లో దాన్ని తేల్చింది విత్తనం ధర.

ఆ రోజుల్లోనే రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ వాళ్ళు ఇంకో నిర్వచనం పట్టుకొచ్చారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అన్నారు. కూలికి పోతేనే కాదు, ఇంట్లో తమ్ముణ్ణి చూసుకుంటూ బడి మానేసినా సరే. ఇది మరీ విడ్డూరం అని విమర్శించినవాళ్ళున్నారు. నాకు మాత్రం అది మా తరగతి అమ్మాయి విషయంలో అచ్చంగా సరిపోయే మాట. ఏ పని అన్నది కాదు, ఆ పని బడిని మింగిందా లేదా అన్నదే వాళ్ళు చూశారు. కూలికి పోయే పిల్లలను బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించి, ఆ తర్వాత అమ్మానాన్నలతో, బడితో, ఊరితో తెగేదాకా మాట్లాడేవాళ్ళు.

చట్టాల్లో అంకెలు చూస్తే, పిల్లలు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అనే గీత ఎంత మనం గీసుకున్నదో తెలుస్తుంది. భారతదేశంలో 2016 సవరణ తర్వాత 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. కానీ బడి అయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయం చేయవచ్చు. సీడు చేను సొంత కుటుంబానిదే అయినప్పుడు సాయం ఎక్కడ ఆగుతుంది, పని ఎక్కడ మొదలవుతుంది అన్నది నాకు అంతుబట్టని ప్రశ్న. అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టం కింద మామూలు ఉద్యోగానికి 14 ఏళ్ళుండాలి. పొలం పనికైతే 12 ఏళ్ళకే, అమ్మానాన్నలు ఒప్పుకుంటే, బడి లేని వేళల్లో పోవచ్చు. అదే దేశంలో ఇల్లినాయ్ రాష్ట్ర చట్టంలో చాలా ఏళ్ళపాటు, 14 ఏళ్ళ లోపు బిడ్డను పెద్దల తోడు లేకుండా అతిగా ఎక్కువసేపు వదిలితే నిర్లక్ష్యం కిందికి రావచ్చని ఉండేది. పిల్లలు తగినంత పెద్దవాళ్ళయితే ఒంటరిగా బడికి నడిచిపోవడం, బయట ఆడుకోవడం నేరం కాదని యూటా రాష్ట్రం 2018లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మా అమ్మకు ఇది చెబితే రెండుసార్లు అడిగింది, నడవడానికి చట్టమేంటని.

ఇక్కడ మన ఇళ్ళల్లో ఏం జరిగిందంటే, ఊళ్ళో చూసిన కష్టం పిల్లలకు రాకూడదని పని మొత్తం తీసేశాం. అది ప్రేమతోనే చేశాం. కానీ ఖాళీ అయిన టైములో ఆట రాలేదు. మ్యాథ్ క్లాసు, స్పెల్లింగ్ బీ, కూచిపూడి, కోచ్ విజిల్ వేస్తే ఆగే సాకర్ వచ్చాయి. మా పాప వారం లెక్కేస్తే బడి కాక పద్నాలుగు గంటలు ఇలాంటివే ఉన్నాయి. ఇది కూడా పనే అని నేను గట్టిగా అంటాను. అది పెద్దవాళ్ళు పెట్టిన పని, మానడానికి వీల్లేని పని, ఫలితం ఎప్పుడో కాలేజీ అప్లికేషన్‌లో కనబడే పని. పత్తి చేనుతో దీన్ని సమానం చేయడం లేదు, అలా చేస్తే నా స్నేహితురాలికి అన్యాయం. కానీ ఇంత చేసినా ఆ బిడ్డ వల్ల ఆ రోజు ఇంట్లో ఎవరికీ ఏమీ ఒనగూరదు.

అందుకని ఇప్పుడు నేను ఏ పని గురించైనా రెండు విషయాలు చూస్తున్నాను. పిల్ల ఆ పని చేయకపోతే ఇంట్లో ఎవరికైనా లోటు తెలుస్తుందా? ఆ పని బడినో, నిద్రనో, ఊరికే ఆడుకునే టైమునో తింటుంటే మానిపించడానికి మనం సిద్ధమా? మొదటిదానికి మా ఇంట్లో ఏ పనీ నిలబడలేదు. రెండోదానికి మా పాప క్లాసుల్లో రెండు నిలబడలేదు, వాటిని మానిపించాం.

అమ్మ వెళ్ళే ముందు పాపకు అన్నం వండడం నేర్పింది. బియ్యం రెండుసార్లు కడిగి, గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్ళు పోసి, కాసేపు నాననిచ్చి కుక్కర్ పెట్టాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆరున్నరకు ఆ పని పాపదే. మూడో వారం ఒకరోజు మర్చిపోయింది. కూర, చారు ఉన్నాయి, అన్నం లేదు. మావారు బ్రెడ్ తీయబోతే నేనే ఆపాను. అది కళ్ళు తుడుచుకుంటూ లేచి బియ్యం కడిగింది. తమ్ముడు ఆకలి అంటూ దాని వెనకే తిరిగాడు. ఎనిమిదింబావుకు తిన్నాం.

బుధవారాలు దానికి ఏడింటిదాకా సాకర్. ఆ రోజు అన్నం ఎవరు పెట్టాలన్నది ఇంకా తేలలేదు. తమ్ముడికి నేర్పిస్తానంటోంది. వాడికి ఏడేళ్ళు, కుక్కర్ దగ్గరికి వద్దని నేను. అవ్వకు ఫోన్ చేసి అడుగుదాం అంటోంది.