1866లో గెలిచినవాళ్లు కలిపారు, ఓడినవాళ్లు విడిపోయారు: భాష ఒక్కటే చాలదు

షేర్ అవుతున్న మాట: “ఒకే భాష మాట్లాడేవాళ్లు ఎప్పటికైనా ఒక్కటవుతారు, జర్మనీయే సాక్ష్యం. పదకొండు భాషలవాళ్లను ఒకే సింహాసనం కింద కట్టేస్తే ఎప్పటికైనా విడిపోతారు, ఆస్ట్రియా-హంగరీయే సాక్ష్యం. జాతీయవాదం చేసే పని ఇంతే.”

ముందు జర్మనీ సంగతి చూద్దాం. 1866 వేసవిలో ఉత్తరాది జర్మన్ రాజ్యమైన ప్రష్యాకూ ఆస్ట్రియాకూ మధ్య ఏడు వారాల యుద్ధం జరిగింది. అందులో బవేరియా, సాక్సనీ, హానోవర్, వుర్టెంబర్గ్ ఎవరి వైపు నిలిచాయో చూస్తే చాలు. అవన్నీ జర్మన్ మాట్లాడే రాజ్యాలే, అయినా ఆస్ట్రియా పక్షాన ప్రష్యాతో పోరాడాయి. జూలై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ఆస్ట్రియా సైన్యం ఓడిపోయింది. ఆ తర్వాత హానోవర్‌ను ప్రష్యా నేరుగా మింగేసింది. అక్కడి రాజును గద్దె దింపింది, ఆస్తి జప్తు చేసింది. ఫ్రాంక్‌ఫర్ట్ స్వతంత్ర నగరం గతి కూడా అదే. తమ్ముళ్లు అన్న ఇంటికి వచ్చి చేరిన కథ కాదిది. అన్న వెళ్లి తమ్ముళ్ల ఇళ్లకు తాళం వేసిన కథ.

దీనికి తరచూ వినిపించే జవాబు ఒకటుంది: రాజులు అడ్డుపడ్డారు గానీ ప్రజలు ఐక్యతే కోరుకున్నారని. ఈ మాటను అప్పట్లోనే బ్యాలట్ పెట్టెలో తేల్చి చూశారు. 1834 నుంచి నడుస్తున్న జర్మన్ రాజ్యాల సుంకాల సంఘానికి (జోల్‌వెరైన్) ప్రష్యా ప్రధాని బిస్మార్క్ 1868లో ఒక పార్లమెంటు పెట్టాడు. అందులో కూర్చోవడానికి దక్షిణాది రాజ్యాల్లో ఎన్నికలు జరిగాయి. సుంకాల పేరుతో దక్షిణాదివాళ్లను ఒక చోట కూర్చోబెడితే మెల్లగా ఐక్యతకు అలవాటు పడతారన్నది ఆయన లెక్క. ఓటర్లు ఆ లెక్కను తలకిందులు చేశారు. వుర్టెంబర్గ్‌లోని 17 స్థానాలూ ప్రష్యాను వ్యతిరేకించేవాళ్లే గెలుచుకున్నారు. బవేరియాలోనూ వాళ్లదే పైచేయి. భాష ఒకటే, మార్కెట్ ఒకటే, ముప్పై నాలుగేళ్లుగా ఒకే సుంకం. అయినా ప్రష్యా సైనిక పన్నులూ నిర్బంధ సైనిక సేవా మాకొద్దన్నారు.

మరి మూడేళ్లలో ఏం మారింది? 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చింది. 1866 ఓటమి తర్వాత దక్షిణాది రాజ్యాలు ప్రష్యాతో రహస్య రక్షణ ఒప్పందాలు చేసుకున్నాయి. యుద్ధం వస్తే ప్రష్యా పక్కన నిలవాలన్నది షరతు. ఫ్రాన్సే యుద్ధం ప్రకటించేలా బిస్మార్క్ ఎమ్స్ ఊరి నుంచి తమ రాజు తరఫున వచ్చిన టెలిగ్రామ్‌ను కత్తిరించి పత్రికలకు ఎక్కించాడు. జాతీయ ఉద్వేగం నిజంగా పొంగింది ఇక్కడే. దాన్ని కాదనడం లేదు, కానీ అది పొంగే వేళకే సైన్యాల ఒప్పందాలు సంతకాలై సిద్ధంగా ఉన్నాయి. బవేరియా రాజు లుడ్విగ్ II ప్రష్యా రాజుకు చక్రవర్తి కిరీటం ఇవ్వాలని కోరుతూ ఒక లేఖ రాశాడు. దాని ముసాయిదా బిస్మార్క్‌దే. బదులుగా ఆ రాజుకు రహస్యంగా డబ్బు ముట్టింది. ఆ డబ్బు ఎక్కడిదంటే, హానోవర్ రాజు నుంచి జప్తు చేసినది. ఒక జర్మన్ రాజును దోచి ఇంకో జర్మన్ రాజును కొన్నారన్నమాట. 1871 జనవరి 18న వెర్సాయ్‌లో సామ్రాజ్య ప్రకటన జరిగే నాటికి బవేరియా శాసనసభ ఇంకా ఆమోదమే తెలపలేదు. మూడు రోజుల తర్వాత మూడింట రెండొంతుల మెజారిటీతో గట్టెక్కింది. అది కూడా ఊరికే కాదు: శాంతికాలంలో సొంత సైన్యం, సొంత తపాలా, సొంత రైల్వే, బీరు మీద సొంత పన్ను బవేరియాకే మిగిలాయి.

తెలుగువాళ్లకు ఇది అర్థం కానిదేమీ కాదు. 1956 నవంబర్ 1న కలిసిన రాష్ట్రం 2014 జూన్ 2న రెండయింది. ఈ మధ్యలో ఎవరి భాషా మారలేదు. గొడవ నీళ్లు, ఉద్యోగాలు, నిధుల మీద.

పైగా 1871లో ఏర్పడిన ఆ దేశం ఒకే భాష దేశం కూడా కాదు. తూర్పున లక్షల మంది పోల్‌లు, ఉత్తరాన డేన్‌లు లోపల పడ్డారు. ఆస్ట్రియాలోని లక్షల మంది జర్మన్ భాషీయులు బయట మిగిలిపోయారు. బయట మిగలడం పొరపాటు కాదు. ఆస్ట్రియాను బయటికి నెట్టడానికే 1866 యుద్ధం జరిగింది.

ఇక్కడే రెండో సగానికి ముడి ఉంది. జర్మనీలోంచి గెంటేయబడ్డ ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఇల్లు చక్కదిద్దుకోవడానికి 1867లో హంగరీ పెద్దలతో రాజీ కుదుర్చుకున్నాడు. రాజ్యం ఆస్ట్రియా, హంగరీ అని రెండు సగాలైంది. విదేశాంగం, యుద్ధం, ఆ రెంటికయ్యే ఖర్చు మాత్రమే ఉమ్మడి. ఎవరు ఎంత కట్టాలన్నదీ, సుంకాల ఒప్పందమూ పదేళ్లకోసారి మళ్లీ బేరమాడుకోవాలి. అంటే పదేళ్లకోసారి సంక్షోభానికి తేదీ ఖరారు చేసుకున్నట్టే. ఇంకా పెద్ద లోపం మరొకటి. ఈ ఏర్పాటులో చెక్‌లకు, క్రొయేట్‌లకు మూడో వాటా ఇద్దామంటే హంగరీ ఒప్పుకోదు, తన వాటా పలచనవుతుంది కాబట్టి. ఆస్ట్రియా సగంలో 1907లో మగవాళ్లందరికీ ఓటు వచ్చింది. హంగరీ సగంలో చివరిదాకా జనాభాలో ఆరేడు శాతానికి మించి ఓటు లేదు. అక్కడి స్లొవాక్‌లు, రుమేనియన్‌ల నోరు నొక్కింది భాషల సంఖ్య కాదు, ఈ తాళం.

జాతీయవాదులంటేనే సామ్రాజ్యాన్ని కూల్చాలనుకునేవాళ్లన్న ఊహ కూడా నిలవదు. 1848లో జర్మన్ ఐక్యత కోసం ఫ్రాంక్‌ఫర్ట్‌లో పార్లమెంటు కూడుతూ చెక్ చరిత్రకారుడు పలాట్స్కీని పిలిచింది. ఆయన రానన్నాడు. తాను చెక్‌నని, ఆస్ట్రియా లేకపోతే యూరప్ మేలు కోసం దాన్ని సృష్టించుకోవాల్సి వచ్చేదని జవాబు రాశాడు. రష్యాకూ జర్మనీకీ మధ్య చిన్న జాతులకు గొడుగు కావాలన్నది ఆయన వాదన. చెక్ నేతలు దశాబ్దాల పాటు అడిగింది ఆ గొడుగు కింద సరైన చోటు.

ఆ చోటు కోసం జరిగిన పోట్లాట ఎలా ఉండేదో 1897లో చూడొచ్చు. ఆస్ట్రియా సగం ప్రధాని బడేని ఒక ఉత్తర్వు తెచ్చాడు: చెక్‌లు, జర్మన్‌లు కలిసి ఉండే బొహీమియా, మొరావియాల్లో ప్రభుత్వోద్యోగులు 1901 జూలై కల్లా చెక్, జర్మన్ రెండూ నేర్చుకోవాలి. చూడ్డానికి సమానంగానే ఉంది. కానీ చదువుకున్న చెక్‌లకు జర్మన్ అప్పటికే వచ్చు, జర్మన్‌లలో చెక్ నేర్చుకున్నవాళ్లు తక్కువ. అంటే ఆఫీసు కుర్చీలన్నీ చెక్‌లకే పోతాయి. జర్మన్ సభ్యులు పార్లమెంటును స్తంభింపజేశారు, వీధుల్లో అల్లర్లు జరిగాయి, నవంబర్‌లో బడేని పదవి పోయింది. భాష మీద ప్రేమ కన్నా గుమాస్తా ఉద్యోగం మీద భయం ఎక్కువ పని చేసిందక్కడ.

దీనికి మందు కూడా కనిపెట్టారు. 1905లో మొరావియాలో ఓటర్లను చెక్ జాబితా, జర్మన్ జాబితా అని విడదీశారు. ఎవరి ప్రతినిధులను వాళ్లే ఎన్నుకుంటే కొట్లాట ఉండదని. సభలో కొట్లాట తగ్గింది నిజమే. కానీ ఇంట్లో రెండు భాషలూ మాట్లాడుకునే కుటుంబం ఇప్పుడు ఏదో ఒక జాబితాలో చేరక తప్పదు. పిల్లలు తమకు వచ్చిన భాష బడికే వెళ్లాలని ఆ 1905 ఏర్పాటులోనే ఒక నిబంధన ఉంది. దాన్ని పట్టుకుని చెక్ విద్యామండళ్లు జర్మన్ బళ్లలోకి వెళ్లి ‘ఈ పిల్లలు మావాళ్లు’ అని ఏరుకోవడం మొదలుపెట్టాయి. గీత గీయడం వల్ల గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు పుట్టారు.

ఆ ‘పదకొండు’ లెక్క కూడా ఇలాంటిదే. 1880 నుంచి ఆస్ట్రియా జనగణనలో అడిగింది జాతి కాదు, రోజువారీ వాడుక భాష. జవాబు ఒక్కటే చెప్పాలి. రెండు భాషలన్నవాడికి గడి లేదు. యిడ్డిష్‌కు అసలు గుర్తింపే లేదు, అది మాట్లాడే యూదులు జర్మనో పోలిషో రాయించుకున్నారు. ఫారంలోని గడులనే జాతులుగా చదువుతున్నారు ఈ మాట షేర్ చేసేవాళ్లు.

అన్ని భాషలవాళ్లు కలిసి పనిచేయలేరనే దానికి ఆస్ట్రియా-హంగరీ సైన్యమే జవాబు. ఆజ్ఞలు జర్మన్‌లో, దాదాపు ఎనభై మాటలు. సిపాయికి అవి వస్తే చాలు. రెజిమెంటులో అయిదో వంతు మంది మాట్లాడే ప్రతి భాషనూ రెజిమెంటు భాషగా గుర్తించేవారు. దాన్ని అధికారి మూడేళ్లలో నేర్చుకోవాలి. ఆ ఏర్పాటులో కష్టం మొదలైంది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక, 1914 చివర్లో. ఏళ్ల తరబడి ఆ భాషలు నేర్చుకున్న అధికారులు మొదటి నెలల్లోనే పెద్ద సంఖ్యలో చనిపోయారు. వాళ్ల స్థానంలో వచ్చిన రిజర్వు అధికారులకు సిపాయిల మాట తెలియదు. అయినా ఆ సైన్యం నాలుగేళ్లకు పైగా యుద్ధంలో నిలిచింది.

సామ్రాజ్యాన్ని కూల్చింది ముందుగా ఆకలి. ధాన్యం పండే గలీషియా యుద్ధం మొదట్లోనే రష్యా చేతికి చిక్కింది. హంగరీ తన ధాన్యాన్ని తనకే ఉంచుకుంది. అలా చేయగలిగిందంటే 1867 రాజీ దానికి విడి ప్రభుత్వం ఇచ్చింది కాబట్టే. 1918 జనవరిలో పిండి రేషన్ కోయగానే సమ్మె లేచింది చెక్ గ్రామంలో కాదు, వియన్నా పక్కనున్న వీనర్ నయిష్టాట్‌లో, జర్మన్ మాట్లాడే కార్మికుల మధ్య. రేషన్ ఇవ్వలేని ప్రభుత్వం నమ్మకం పోగొట్టుకున్నాక, ఇవ్వగలమన్న స్థానిక జాతీయ కమిటీల వైపు జనం తిరిగారు. ఆ ఏడాది వేసవిలో మిత్రరాజ్యాలు చెకొస్లొవాక్ జాతీయ మండలిని గుర్తించాయి. అక్టోబర్ 16న, ఫ్రాంజ్ జోసెఫ్ తర్వాత గద్దెనెక్కిన కార్ల్ చక్రవర్తి ఆస్ట్రియా సగాన్ని సమాఖ్యగా మారుస్తానని ప్రకటించాడు. హంగరీని మాత్రం ముట్టుకోలేదు, అదే పాత తాళం. పన్నెండు రోజులకు ప్రాగ్‌లో స్వాతంత్ర్య ప్రకటన వచ్చేసింది.

ఇక ‘ఒకే భాషవాళ్లు కలుస్తారు’ అన్న సూత్రానికి అసలు పరీక్ష ఆ నవంబర్ 12న జరిగింది. మిగిలిన జర్మన్ ఆస్ట్రియా తాను జర్మన్ గణతంత్రంలో భాగమని ప్రకటించుకుంది. ఈసారి రాజులు లేరు, రెండు వైపులా ఇష్టం ఉంది. యుద్ధం గెలిచిన దేశాలు ఆస్ట్రియాతో చేసుకున్న సాన్ జెర్మాన్ సంధిలోని 88వ అధికరణం అడ్డుపడింది: నానాజాతి సమితి మండలి ఒప్పుకుంటే తప్ప కలవడానికి వీల్లేదు. గెలిచిన దేశాలకు పెద్ద జర్మనీ అక్కర్లేదు మరి.

కొత్తగా పుట్టిన చెకొస్లొవాకియాలో ముప్పై లక్షలకు పైగా జర్మన్‌లున్నారు, స్లొవాక్‌ల కన్నా ఎక్కువ. 1921 జనగణనలో చెక్‌లను, స్లొవాక్‌లను విడివిడిగా లెక్కపెడితే ఈ సంగతి కొట్టొచ్చినట్టు కనిపించేది. అందుకే ఇద్దరినీ కలిపి ‘చెకొస్లొవాక్’ అని ఒకే గడిలో వేశారు.