ప్రతి పదో మనిషి సరే, ఏ గంటలో?

షాపు బయట ట్యాబ్ పట్టుకుని నిలబడి, "ఒక్క మూడు నిమిషాలు సార్" అంటూ ఆపేవాళ్లను చూసే ఉంటారు. అలాంటి సర్వే రిపోర్టుల్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: "బయటికి వచ్చే ప్రతి పదో కస్టమర్‌ను అడిగాం." అది చదవగానే పని పద్ధతిగానే జరిగిందని నమ్మేస్తాం. నా ఉద్దేశంలో అది సగం నమ్మకమే. ప్రతి పదో మనిషి అన్న నియమం, గేటు దగ్గర నిలబడ్డ ఆ గంటలో ఎవరిని ఆపాలో మాత్రమే చెబుతుంది. అసలు ఏ గంటలో నిలబడాలన్నది దానికి పట్టదు. షాపు సర్వేలు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

నియమం వల్ల లాభం లేకపోలేదు. షాపుకి ఎవరెవరు వస్తారో ముందుగా జాబితా ఉండదు కాబట్టి చీటీలు వేసి ఎంచుకునే వీలు లేదు. ఆ చీటీల పని లెక్కపెట్టడం చేస్తుంది. ఒకటి నుంచి పది వరకు ఏదో ఒక అంకెను లాటరీ తీసినట్టు తీసుకుంటారు. ఏడు వచ్చిందనుకుంటే ఏడో మనిషిని, పదిహేడో మనిషిని, ఇరవై ఏడో మనిషిని ఆపాలి. దీంతో సర్వే చేసేవాళ్ల ఇష్టాయిష్టాలకు తావుండదు. ఎవరిని ఆపాలో వాళ్లకే వదిలేస్తే ఒంటరిగా, తీరిగ్గా, నవ్వుమొహంతో వచ్చేవాళ్ల వైపే కాళ్లు వెళ్తాయి. చేతినిండా సంచులతో, ఏడుస్తున్న పిల్లాడితో వచ్చే తల్లి జోలికి ఎవరూ పోరు. బిల్లింగ్ క్యూ గురించి గట్టిగా చెప్పాల్సింది ఆవిడే మరి.

1967లో అమెరికాలోని కెంటకీ గవర్నర్ ఎన్నికప్పుడు వారెన్ మిటోఫ్‌స్కీ అనే సర్వే నిపుణుడు సీబీఎస్ టీవీ కోసం చేసిన పని నుంచి నేటి ఎగ్జిట్ పోల్స్ వరకు ఓటర్లను ఆపే సూత్రం ఇదే. కానీ పోలింగ్ ఒక్క రోజు పని. ఉదయం నుంచి సాయంత్రం దాకా కాపు కాస్తే సరిపోతుంది. షాపు రోజూ తెరిచే ఉంటుంది, పొద్దున వచ్చేవాళ్లు వేరు, రాత్రి వచ్చేవాళ్లు వేరు. అందుకే ఇక్కడ మనుషుల కంటే ముందు గంటలను ఎంచుకోవాలి.

ఒక ఊహాత్మక షాపుని తీసుకుందాం. ఉదయం 10 నుంచి రాత్రి 10 వరకు, వారమంతా తెరిచి ఉంటుంది. అంటే వారానికి 84 గంటలు. పనిరోజుల్లో సాయంత్రం 5 లోపు గంటలు 35, గంటకు 40 మంది చొప్పున 1,400 మంది. పనిరోజుల సాయంత్రాలు 25 గంటలు, గంటకు 100 మంది చొప్పున 2,500. శని, ఆదివారాలు 24 గంటలు, గంటకు 150 మంది చొప్పున 3,600. మొత్తం 7,500. బిల్లింగ్ బాగుందనేవాళ్లు పగటి పూట 90 శాతం, సాయంత్రం 60 శాతం, వారాంతంలో 50 శాతం అనుకుందాం. అందరినీ అడగగలిగితే వచ్చే జవాబు దాదాపు 61 శాతం.

ఇప్పుడు సర్వే మనిషి తనకు వీలైన పగటి గంటల్లోనే నిలబడితే, ప్రతి పదో మనిషినీ ఎంత నిజాయితీగా ఆపినా 90 శాతమే వస్తుంది. మేనేజర్‌కు సంతోషమే, క్యూలో నిలబడ్డవాళ్లకు కాదు. ఇంత మోటు తప్పు ఎవరు చేస్తారంటారా? కాస్త నాజూకైన రూపంలో చాలామంది చేస్తారు. మూడు వేళలకూ సమన్యాయం అని ఒక్కోదాని నుంచి వంద మంది చొప్పున తీసుకుంటారు. ఫలితం 67 శాతం వస్తుంది. జనంలో ఐదో వంతు కూడా లేని పగటివాళ్లకు మూడో వంతు ఓటు ఇచ్చేశారు కాబట్టి ఆ ఆరు శాతం తేడా. పైగా ఇది చూడ్డానికి తప్పులా కనిపించదు.

సరైన దారి పెద్ద కష్టమేమీ కాదు. ప్రతి వేళ నుంచి దాదాపు ఐదో వంతు గంటలను లాటరీ తీయాలి: 7 పగటి గంటలు, 5 సాయంత్రపు గంటలు, వారాంతం నుంచి 5 గంటలు. సూత్రం ప్రకారమైతే అన్ని చోట్లా ప్రతి ఐదో మనిషిని ఆపవచ్చు. కానీ వారాంతంలో గంటకు 150 మంది అంటే 30 ఇంటర్వ్యూలు, రెండు నిమిషాలకు ఒకటి. ప్రశ్నలకే మూడు నిమిషాలు పడితే ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అప్పుడు ఫీల్డ్‌లో జరిగేదేమిటంటే, ఒకరి జవాబులు ముగిశాక ఎవరు ఎదురైతే వాళ్లను పట్టుకుంటారు. ఖాళీ గంటలో ఇద్దరికి ఒకరు దొరుకుతారు, రద్దీలో ఏడెనిమిది మందికి ఒకరే. రిపోర్టులో మాత్రం "ప్రతి ఐదో కస్టమర్" అనే ఉంటుంది.

కాబట్టి రద్దీ వేళల్లో ప్రతి పదో మనిషి, పగటి పూట ప్రతి ఐదో మనిషి అని ముందే తేల్చుకోవడం మేలు. అప్పుడు పగటి జవాబు ఒక్కోటి 25 మందికి, సాయంత్రం జవాబు 50 మందికి, వారాంతపు జవాబు 48 మందికి ప్రతినిధి. చివర్లో ఆ బరువులతో గుణిస్తే లెక్క మళ్లీ 7,500కి చేరుతుంది. దీనికి కావాల్సిందల్లా గేటు దగ్గర కౌంటర్ నొక్కుతూ లెక్కపెట్టే రెండో మనిషి. ఖర్చు తగ్గించాలని ముందు తీసేసేది ఆ మనిషినే. నన్నడిగితే ప్రశ్నలు రెండు తగ్గించుకుని ఆ మనిషిని ఉంచుకోవాలి.

గంటలను ఎంచుకోవడంలో ఇంకో కిటుకుంది. ఒక శనివారం వరుసగా నాలుగు గంటలు నిలబడటం కంటే నాలుగు వేర్వేరు రోజుల్లో ఒక్కో గంట నిలబడటం మేలు. ఒకే గంటలో వచ్చినవాళ్లు చూసింది ఒకే క్యూ, ఒకే క్యాషియర్ కాబట్టి వాళ్ల జవాబులు ఒకేలా ఉంటాయి. వంద జవాబులున్నా కొత్త సమాచారం మాత్రం అంత ఉండదు. దగ్గర్లో అరగంటకో బస్సు ఆగుతుంటే, ప్రతిసారీ గంట మొదటి ఇరవై నిమిషాలే నిలబడేవాళ్లకు బస్సు దిగిన జనమే ఎక్కువ దొరకొచ్చు, లేదా అసలు దొరకకపోవచ్చు. పుస్తకాలు ప్రతి పదో మనిషిలో దాగే ఆవృత్తి గురించి, అంటే ఒకే రకం మనుషులు అదే వరుసలో మళ్లీ మళ్లీ తగలడం గురించి హెచ్చరిస్తాయి. గేటు దగ్గర నిజంగా భయపడాల్సింది గడియారంలోని ఆవృత్తికి.

ఆపిన మనిషి "టైం లేదండీ" అంటే? పక్కనున్న పదకొండో మనిషిని పట్టుకోవడం అలవాటు. అది చేయకూడదు. నిరాకరించారని రాసుకుని, ఏ వయసు, చేతిలో సంచి ఉందా లేదా అన్నది గమనించి, తర్వాతి వంతు కోసం ఆగాలి. లేకపోతే తొందరలో ఉన్నవాళ్లంతా కనిపించకుండా పోతారు, ఎంతమంది పోయారో కూడా తెలియదు.

ఇంత చేసినా వచ్చేది కస్టమర్ల లెక్క కాదు, రాకపోకల లెక్క. రోజూ వచ్చేవాళ్లు వారానికొకసారి వచ్చేవాళ్ల కంటే ఏడు రెట్లు ఎక్కువగా గేటు దాటుతారు, అన్నిసార్లు దొరికే అవకాశమూ ఉంది. మనుషుల గురించి చెప్పాలంటే "గత ఏడు రోజుల్లో ఎన్నిసార్లు వచ్చారు" అని అడిగి, జవాబు బరువుని ఆ సంఖ్యతో భాగించాలి. క్యూ బాగుందా లేదా అన్నదే ప్రశ్న అయితే రాకపోకల లెక్కే సరైనది, భాగించనక్కర్లేదు.

సర్వే సరిగ్గా జరిగిందో లేదో పట్టుకోవడానికి బిల్లింగ్ మెషీన్ ఉంది. బరువులు వేసిన జవాబుల్లో "కొన్నాను" అన్నవాళ్లను వేళలవారీగా లెక్కేసి, అదే వారం ఆ వేళ మొత్తం బిల్లుల సంఖ్య పక్కన పెట్టాలి. కుటుంబానికి ఒకే బిల్లు వస్తుంది కాబట్టి రెండూ అచ్చంగా కలవవు. కానీ పగటి పూట దగ్గరగా ఉండి రద్దీ వేళ సర్వే లెక్క బాగా తగ్గిపోయిందంటే, ఆ గంటల్లో గేటు దగ్గర ఎవరూ లెక్కపెట్టలేదనే అనుమానించాలి. ఏమీ కొనకుండా వెళ్లిపోయినవాళ్లు మాత్రం ఏ బిల్లులోనూ ఉండరు, వాళ్ల విషయంలో గేటు దగ్గర కౌంటర్ చెప్పిందే ఆధారం.